బడ్జెట్ షీటులో మీ లైను ఎప్పుడు పడుతుంది?

ప్రశ్న: మాది బాలానగర్‌లో చిన్న యూనిట్. ఫార్మా ఫ్యాక్టరీల గోడౌన్లలో, కోల్డ్ రూముల్లో ఉష్ణోగ్రత, తేమ 24 గంటలూ రికార్డు చేసే సిస్టం తయారు చేస్తాం. ఒక ప్లాంటుకు సుమారు 14 లక్షలు అవుతుంది. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో పాశమైలారం, బొల్లారం, జడ్చర్ల వైపు ప్లాంట్లన్నిటికీ మెయిళ్లు పెడతాం, ఫోన్లు చేస్తాం. ఏడాది చివర్లో మిగిలిన బడ్జెట్ ఖర్చు పెట్టేస్తారని అందరూ అంటారు కదా. మాకు మాత్రం మార్చిలో ‘బడ్జెట్ అయిపోయింది’, ఏప్రిల్‌లో ‘ఇప్పుడే మొదలైంది, చూద్దాం’, జూన్‌లో ‘ఈ ఏడాది బడ్జెట్‌లో మీ ఐటమ్ లేదు’ అనే జవాబులే వస్తున్నాయి. అసలు ఎప్పుడు అడగాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: మీకు వచ్చిన మూడు జవాబుల్లో మొదటి రెండూ మర్యాదకు చెప్పినవి. జూన్‌లో వచ్చిన మూడోదే అసలు సంగతి. 14 లక్షల సిస్టం ఏ ప్లాంటులోనైనా క్యాపెక్స్ కిందికి వస్తుంది. క్యాపెక్స్ అంటే ఏళ్లపాటు వాడే యంత్రాలు, ఆస్తుల మీద పెట్టే ఖర్చు. దాని బడ్జెట్ అంటే ఏడాది మొదలుకాకముందే ఒక షీటులో లైను లైనుగా రాసి, పైవాళ్లు ఆమోదించిన జాబితా. అందులో లేని వస్తువు కోసం ప్లాంట్ హెడ్ విడిగా అనుమతి అడగాలంటే, ‘మరి బడ్జెట్ అప్పుడు ఎందుకు గుర్తుకు రాలేదు?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. మీ కోసం ఆ మాట పడడానికి ఎవరూ సిద్ధంగా ఉండరు. కాబట్టి ఆ షీటు ఎప్పుడు రాస్తారో తెలుసుకుని, అంతకు ముందే వాళ్ల దగ్గర ఉండాలి.

ఏప్రిల్ నుంచి మార్చి వరకు లెక్కలు చూసుకునే మన దేశీయ కంపెనీల్లో మామూలుగా జరిగేది ఇది. అర్ధ సంవత్సరం లెక్కలు ముగిశాక, నవంబరు ప్రాంతంలో ఫైనాన్స్ నుంచి అన్ని డిపార్ట్‌మెంట్లకూ ఒక మెయిల్, దానితో ఖాళీ ఎక్సెల్ షీటు వస్తాయి. డిసెంబరులో ఇంజనీరింగ్, క్వాలిటీ, వేర్‌హౌస్ వాళ్లు తమకు కావలసినవి అందులో నింపుతారు. జనవరిలో ప్లాంటు స్థాయిలో కోతలు, ఫిబ్రవరిలో హెడ్డాఫీసులో మళ్లీ కోతలు. మార్చిలో బోర్డు ఆమోదిస్తుంది. కంపెనీని బట్టి నెల అటూ ఇటూ కావచ్చు కానీ వరస ఇదే. మీరు ఫిబ్రవరిలో ఫోన్ చేసేసరికి ఆ షీటు ప్లాంటు దాటి వెళ్లిపోయి ఉంటుంది. పెళ్లి భోజనాలకు ఎంతమందో వంటవాళ్లకు చెప్పేశాక వచ్చిన చుట్టం పరిస్థితి మీది. మొహం మీద ఎవరూ పొమ్మనరు, విస్తరి మాత్రం ఉండదు.

షీటు నింపేది డిసెంబరులో అయితే, మీ ధర, మీ కారణం సెప్టెంబరు చివరికో అక్టోబరుకో వాళ్ల చేతిలో ఉండాలి. మీకు ఇందులో కలిసొచ్చే విషయం ఇంకొకటి ఉంది, అది ఎండాకాలం. హైదరాబాద్ చుట్టుపక్కల గోడౌన్లలో ఉష్ణోగ్రత అదుపు తప్పేది ఏప్రిల్, మే నెలల్లోనే. అక్టోబరులో చల్లగా ఉన్నప్పుడు వెళ్లి ‘మీ గోడౌన్ వేడెక్కుతుంది’ అంటే ఎవరికీ పట్టదు. అందుకని మీ పని రెండు విడతలుగా పెట్టుకోండి: సాక్ష్యం మేలో, కోట్ సెప్టెంబరులో.

జడ్చర్లలో ఒక ప్లాంటు ఉందనుకుందాం. లెక్కలు మార్చికి ముగుస్తాయి. మీరు మేలో వేర్‌హౌస్ మేనేజరును కలిసి, ఏమీ కొనమని అడగకుండా, ఉష్ణోగ్రత రికార్డు చేసే ఆరు లాగర్లు వారం రోజులు పెట్టుకోనివ్వమని అడుగుతారు. క్వాలిటీ వాళ్ల అనుమతి లేకుండా గోడౌన్‌లో ఏదీ పెట్టనివ్వరు కాబట్టి ఆ పలకరింపుతోనే వాళ్లూ పరిచయమవుతారు. లాగర్లకు క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్లు లేకపోతే వాళ్లు మీ రీడింగులను చూడను కూడా చూడరు, అవి వెంట తీసుకెళ్లండి. వారం తర్వాత తేలిందేమిటంటే, తలుపు పక్కన గోడకు ఉన్న వాళ్ల డిజిటల్ మీటరు రోజూ 24 డిగ్రీలే చూపిస్తోంది, పై ర్యాకులో రేకుల కింద పెట్టిన మీ లాగరు మాత్రం మధ్యాహ్నం మూడింటికి 28 చూపించింది. ఆ ర్యాకులోని పెట్టెల మీద ‘25 డిగ్రీలు మించకుండా నిల్వ చేయాలి’ అని ఉంది.

ఈ గ్రాఫును అక్కడికక్కడే అమ్మకానికి వాడకండి. అది వాళ్లకు ఇబ్బందికరమైన కాగితం. ఆడిటరు చూస్తే ప్రశ్నలొస్తాయి. కాబట్టి దాన్ని క్వాలిటీ హెడ్‌కు, వేర్‌హౌస్ మేనేజరుకు మాత్రమే ఇచ్చి, నలుగురికీ కాపీలు పెట్టకుండా ఉంటే మీ మీద నమ్మకం కుదురుతుంది. మెయిల్లో మొత్తం మేనేజ్‌మెంటుకు కాపీ కొడితే ఆ ప్లాంటు గేటు మీకు మళ్లీ తెరుచుకోదు.

సెప్టెంబరు మూడో వారంలో మీరు పంపాల్సింది మామూలు కొటేషన్ కాదు, బడ్జెటరీ కోట్, అంటే షీటులో అంకె వేసుకోవడానికి ఇచ్చే అంచనా ధర. పర్చేజ్‌లో ఉన్న రోజుల్లో నేను చూసిన బడ్జెటరీ కోట్లలో చాలావరకు పనికొచ్చేవి కావు. సామాను ధర ఒక్కటే రాసి, ఇన్‌స్టలేషన్, కేబులింగ్, వ్యాలిడేషన్ డాక్యుమెంట్లు ‘అదనం’ అనేవారు. షీటులో 14 లక్షలు పడి, తీరా ఆర్డరు దగ్గరికి వచ్చేసరికి 17 అయితే, ఆ మూడు లక్షల కోసం యూజర్ మళ్లీ అనుమతికి తిరగాలి. కాబట్టి అన్నీ కలిపి ఒక్క అంకె ఇవ్వండి. జీఎస్టీ విడిగా చూపండి, మొదటి ఏడాది తర్వాత ఏఎంసీ ఎంతో వేరే లైనులో చెప్పండి, ఎందుకంటే అది క్యాపెక్స్ కాదు, వచ్చే ఏళ్ల రెవెన్యూ బడ్జెట్‌లోకి వెళ్తుంది. ‘వచ్చే ఏడాది జూన్ వరకు పది శాతం లోపు తేడాతో ఇదే ధర’ అని రాసివ్వగలిగితే ఇంకా మంచిది. ‘ఈ నెలాఖరు లోపు కొంటే డిస్కౌంట్’ అన్న మాట మాత్రం బడ్జెటరీ కోటులో ఉండకూడదు. వాళ్లు ఈ నెలాఖరుకు కొనేది లేదని మీకూ తెలుసు, వాళ్లకూ తెలుసు.

షీటులో ధరతోపాటు ‘కారణం’ అని ఒక కాలమ్ ఉంటుంది. కెపాసిటీ పెంపు, ఖర్చు ఆదా, పాతదాని స్థానంలో కొత్తది, భద్రత, రెగ్యులేటరీ, ఇలా ఏదో ఒక హెడ్డు కింద మీ ఐటమ్ పడుతుంది. కోతలు మొదలయ్యాక ముందు ఎగిరిపోయేవి ఖర్చు ఆదా పేరుతో పెట్టినవే, ఎందుకంటే ఆదా లెక్కను ఫైనాన్స్ వాళ్లు అంత తేలిగ్గా నమ్మరు. రెగ్యులేటరీ కింద ఉన్నవాటి మీద కత్తెర వేయాలంటే క్వాలిటీ హెడ్ ఒప్పుకోవాలి. మీ సిస్టం నిజంగానే ఆ కోవకు చెందుతుంది. మందుల తయారీ ప్రమాణాలు చెప్పే షెడ్యూల్ ఎంను 2023 చివర్లో కేంద్రం సవరించిన తర్వాత గోడౌన్ రికార్డుల గురించి ప్లాంట్లలో పట్టింపు పెరిగింది. అందుకే ‘మాన్యువల్ రిజిస్టర్ రాసే ఇద్దరి జీతం మిగులుతుంది’ అని రాసిచ్చే బదులు, ‘పై ర్యాకుల్లో ఉష్ణోగ్రతకు నిరంతర రికార్డు లేదు, పరిమితి దాటితే అలారం లేదు’ అని ఆ కాలమ్‌లో యథాతథంగా పెట్టుకోగలిగే రెండు వాక్యాలు మీరే రాసివ్వండి. డిసెంబరులో షీటు నింపే ఇంజనీరు చేతిలో నలభై ఐటమ్‌లు ఉంటాయి. తయారుగా ఉన్న వాక్యాన్ని అతను అలాగే ఎత్తి పెట్టేస్తాడు.

సెప్టెంబరు మెయిలు పెద్దదిగా ఉండనక్కర్లేదు. మీరు ఇంగ్లీషులోనే రాస్తారు కాబట్టి సారాంశం మాత్రం చెబుతాను: ‘సర్, మేలో మీ ఫినిష్డ్ గూడ్స్ గోడౌన్‌లో తీసిన రీడింగుల రిపోర్టు, దానికి పరిష్కారంగా అన్ని ఖర్చులూ కలిపిన బడ్జెటరీ కోట్ జత చేశాను. వచ్చే ఏడాది క్యాపెక్స్ ప్రతిపాదనలు మీ దగ్గర ఏ నెలలో అడుగుతారో చెబితే, ఆలోగా అంకెలు ఏమైనా మార్చాల్సి ఉంటే మార్చి ఇస్తాను.’ ఇందులో చివరి ప్రశ్నే ముఖ్యం. ‘బడ్జెట్ ఉందా?’ అని అడిగితే ‘లేదు’ అనడం సులువు. ‘ఎప్పుడు అడుగుతారు?’ అంటే జవాబుగా ఒక నెల పేరు వస్తుంది. ప్లాంటు ప్లాంటుకూ ఆ నెల పేరు రాసుకున్న జాబితాయే మీ అసలు క్యాలెండర్.

జనవరిలో ఒకసారి ఫోన్ చేయండి. అప్పుడు కోతల మీటింగులు నడుస్తుంటాయి. మన జడ్చర్ల ప్లాంటుకు మొత్తం క్యాపెక్స్‌లో నాలుగో వంతు తగ్గించమన్నారనుకోండి, 14 లక్షల లైను మొత్తంగా పోయే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు ‘గోడౌన్ వరకు ఈ ఏడాది 9 లక్షలు, కోల్డ్ రూములు పై ఏడాది 5 లక్షలు’ అని విడదీసి ఇస్తే లైను బతుకుతుంది. ధర తగ్గిస్తాననకండి. ఇంకా ఆర్డరే లేదు, ఇప్పుడు తగ్గించిన ధర మీదే పర్చేజ్ వాళ్లు జూన్‌లో మళ్లీ బేరం మొదలుపెడతారు. ఇంకో మాట, విడతలుగా చేయడం వేరు, ప్లాంట్ హెడ్ సంతకం పరిధిలోకి రావడానికి ఒకే పనిని మూడు చిన్న ఆర్డర్లుగా ముక్కలు చేయడం వేరు. రెండోది ఇంటర్నల్ ఆడిట్‌లో తప్పకుండా దొరుకుతుంది. ఎవరైనా అలా చేద్దామన్నా మీరు ఒప్పుకోకండి.

ఏప్రిల్ మొదటి రెండు వారాలు వాళ్ల జోలికి పోకండి. పాత ఏడాది పుస్తకాలు మూసే పనిలో, ఆడిటర్లతో తలమునకలై ఉంటారు. కొత్త బడ్జెట్ ఇంకా సిస్టంలో లోడ్ అయి ఉండదు. ఇరవయ్యో తేదీ దాటాక అడగండి: లైను పాసైందా, ఎంతకు పాసైంది, ఏ క్వార్టర్‌లో పెట్టారు? ఈ మూడో ప్రశ్న చాలామంది అడగరు. బడ్జెట్ మొత్తం ఏప్రిల్‌లోనే చేతికి రాదు, క్వార్టర్ల వారీగా పంచుతారు. మీది మూడో క్వార్టర్‌లో ఉంటే జూన్‌లో వారం వారం ఫాలో అప్ చేసి విసిగించడం వల్ల ఉపయోగం లేదు. పైగా బడ్జెట్‌లో ఉన్నంత మాత్రాన ఖర్చు పెట్టేయడం కుదరదు. ఖర్చుకు ముందు విడిగా ఇంకో క్యాపెక్స్ అప్రూవల్ నోట్ కదలాలి, ఆ తర్వాత రిక్విజిషన్, ఇంకో ఇద్దరి దగ్గర కొటేషన్లు, కంపారిటివ్ స్టేట్‌మెంట్. ఏప్రిల్ చివర్లో నోట్ కదిలితే జూన్‌లో పీఓ రావడం మంచి వేగమే.

ఆ నోట్‌ను త్వరగా కదిలించడానికి ఒక పన్ను కారణం ఉంది. ఏడాదిలో 180 రోజులకన్నా తక్కువ వాడుకలో ఉన్న ఆస్తికి ఆదాయపు పన్ను లెక్కల్లో ఆ ఏడాది సగం తరుగుదలే ఇస్తారు. ఏప్రిల్–మార్చి ఏడాదికి ఆ గీత దాదాపు అక్టోబరు 3 దగ్గర పడుతుంది. మామూలు యంత్రాలకు ఏడాదికి 15 శాతం అనుకుంటే, 14 లక్షల మీద పూర్తి తరుగుదల 2 లక్షల 10 వేలు. ఆ గీత దాటితే మొదటి ఏడాదికి 1 లక్షా 5 వేలే. ఇక్కడ లెక్కకు వచ్చేది బిల్లు తేదీ కాదు, వాడకంలోకి వచ్చిన తేదీ. జూన్‌లో పీఓ, ఆరు వారాల్లో సప్లై, ఆగస్టులో బిగింపు, సెప్టెంబరులో క్వాలిఫికేషన్ రిపోర్టుల మీద సంతకాలు, ఇలా అయితే గీత లోపలే ఉంటారు. ఇంజనీరుకు ఈ సంగతి అంతగా పట్టదు కానీ, ఫైనాన్స్ వాళ్లకు ఒక్క లైనులో గుర్తు చేస్తే ఫైలు టేబుల్ మీద ఆగదు.

మరి మార్చి మాటేమిటి? మిగిలిన డబ్బు ఖర్చు పెట్టడం అబద్ధం కాదు. అయితే అది ఎక్కడిదో చూడాలి. షీటులో పాసైన ఇంకో ఐటమ్ ధర తగ్గడం వల్లో, అది ఈ ఏడాది జరగకపోవడం వల్లో మిగిలేది ఆ డబ్బు. దాన్ని ఇంకో దానికి మళ్లించడానికి ప్లాంట్ హెడ్‌కు వీలుంటే, వచ్చే ఏడాది ‘పోయినేడు వాడుకోలేదుగా’ అని కోత వేస్తారన్న భయంతో వాడేస్తారు. ఆ కిటికీ జనవరి నుంచి ఫిబ్రవరి రెండో వారం వరకు తెరిచి ఉంటుంది. మార్చికల్లా మూసుకుపోయి ఉంటుంది, ఎందుకంటే నెలాఖరున స్టాక్ లెక్కింపు కోసం స్టోర్స్ సామాను దించుకోవడం ఆపేస్తుంది, దానికి ముందే పీఓలకు, గూడ్స్ రిసీట్లకు ఆఖరి తేదీ పెట్టేస్తారు. మీకు అప్పటికే వెండర్ కోడ్ లేకపోతే ఆ పని సాగదు. పాన్, జీఎస్టీ, ఉద్యమ్, బ్యాంకు వివరాలు, ఫార్మా కాబట్టి క్వాలిటీ వాళ్ల వెండర్ ప్రశ్నావళి, ఇవన్నీ తేలడానికి నెల పైనే పడుతుంది. మార్చి పదో తేదీన కొత్త సప్లయరు నుంచి సిస్టం కొని, వ్యాలిడేట్ చేసి, 31 లోపు వాడకంలో చూపించడం ఎవరివల్లా కాదు. కాబట్టి వెండర్ రిజిస్ట్రేషన్ అక్టోబరులోనే అడిగి చేయించుకోండి. జనవరి ఫోన్లో ‘బడ్జెట్ ఏమైనా మిగిలిందా?’ అనకుండా, ‘ఈ ఏడాది పాసయ్యి కూడా చేయలేకపోయిన పనులు ఏమైనా ఉన్నాయా?’ అని అడగండి. మొదటి ప్రశ్న డబ్బు గురించి, ఎవరూ చెప్పరు. రెండోది పని గురించి, చెబుతారు.

కొన్ని కంపెనీల్లో చివరి క్వార్టర్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరుగుతుంది. నగదు, లాభం అంకెలు బాగా కనబడాలని జనవరి నుంచే ఖర్చు బిగించేస్తారు. గుర్తులు తెలిసిపోతాయి: పాత సప్లయర్లకు చెల్లింపులు ఆలస్యం అవుతుంటాయి, ఖాళీ పోస్టులు నింపరు, పర్చేజ్ వాళ్లు ప్రతిదానికీ ‘31 దాటనివ్వండి’ అంటుంటారు. అలాంటి చోట మార్చి మీద ఆశ పెట్టుకోకుండా మీ లైను వచ్చే షీటులో ఉందో లేదో చూసుకుంటే చాలు.

మీ జాబితాలో ప్రభుత్వ పరిశోధనా సంస్థలు కూడా ఉంటే వాటి దారి వేరు. అక్కడ డబ్బు మార్చి 31తో మురిగిపోయే మాట నిజమే, కానీ ఏడాది చివర్లో ఖర్చుల పరుగు ఆర్థిక క్రమశిక్షణను ఉల్లంఘించడమేనని కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, 2017 చెబుతున్నాయి. చివరి క్వార్టర్‌లో బడ్జెట్ అంచనాలో 33 శాతం, ఒక్క మార్చిలో 15 శాతం మించకూడదని ఆర్థిక శాఖ పరిమితులు పెట్టింది. టెండరు కాలం కూడా కలుపుకుంటే మార్చిలో మొదలుపెట్టే పని కాదది.

ఆఖరిగా, మీ జాబితా మొత్తాన్ని ఒకే గాటన కట్టకండి. విదేశీ కంపెనీల అనుబంధ సంస్థలు చట్టం ప్రకారం ఇక్కడ మార్చి 31కే లెక్కలు దాఖలు చేస్తుండవచ్చు. వాటి బడ్జెట్ నడిచేది మాత్రం మాతృసంస్థ ఏడాదిని బట్టి. యూరప్, అమెరికా కంపెనీల్లో చాలావాటికి అది జనవరి–డిసెంబరు. అందరికీ అదే అని కూడా అనుకోకండి, మైక్రోసాఫ్ట్ ఏడాది జూన్ 30తో, యాక్సెంచర్ ఏడాది ఆగస్టు 31తో ముగుస్తాయి. మీ జాబితాలోని ప్రతి విదేశీ ప్లాంటుకూ మాతృసంస్థ వార్షిక నివేదిక తెరవండి, మొదటి పేజీల్లోనే ‘ఏ తేదీతో ముగిసిన సంవత్సరానికి’ అని ఉంటుంది. అది డిసెంబరు 31 అయితే వాళ్ల షీటు ఆగస్టు, సెప్టెంబరుల్లో నిండుతుంది, అంటే మేలో తీసిన మీ గ్రాఫు జూలైకల్లా కోటుతో సహా వాళ్ల దగ్గర ఉండాలి. డిసెంబరులో వాళ్లను కదిలించడం వృథా, సగంమంది సెలవుల్లో ఉంటారు, అనుమతి ఇచ్చే విదేశీ బాసు అసలే దొరకడు. జనవరి మూడో వారం వాళ్లకు మన ఏప్రిల్ ఇరవై లాంటిది.

ఇప్పుడు ఏ నెలలో ఉన్నా, ముందు మీ ప్లాంట్ల పేర్ల పక్కన మూడు గళ్లు వేయండి: లెక్కల ఏడాది ఎప్పుడు ముగుస్తుంది, క్యాపెక్స్ షీటు ఎవరు నింపుతారు, ఏ నెలలో నింపుతారు. మొదటిది మీరే కనుక్కోవచ్చు. మిగతా రెండూ పర్చేజ్ వాళ్ల కన్నా మెయింటెనెన్స్‌లోని జూనియర్ ఇంజనీర్లు తేలిగ్గా చెబుతారు, షీటులో టైపు చేసేది చాలాచోట్ల వాళ్లే.